రెండు మూడు నెలల్లో వాడాల్సిన డబ్బు సేవింగ్స్‌లో ఉంచాలా, లిక్విడ్ ఫండ్‌లో పెట్టాలా? లెక్క ఇలా వేసుకోండి

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. గుంటూరు దగ్గర ఉన్న స్థలం అమ్మాడు, విజయవాడలో ఫ్లాట్ మాట్లాడుకున్నాడు, బిల్డర్ రిజిస్ట్రేషన్‌కి మూడు నెలల పైనే పడుతుందన్నాడట. చేతిలో 13 లక్షలు. "బావా, వంద రోజులు ఊరికే సేవింగ్స్‌లో పడి ఉంటాయి, ఎవరో లిక్విడ్ ఫండ్ అంటున్నారు, పెట్టేయనా?" అని అడిగాడు. లిక్విడ్ ఫండ్ అంటే కొద్ది రోజుల్లో తీరే అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్. పెట్టు అనో వద్దు అనో ఒక్క మాటలో చెప్పే విషయం కాదిది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అదే వరుసలో మీకూ చెప్తాను, మీ అంకెలు మీరు వేసుకోండి.

ముందు లక్షకు రోజుకు ఎంత తేడానో కనుక్కోండి

సేవింగ్స్ ఖాతాలో పెద్ద బ్యాంకులు ఇచ్చే వడ్డీ ఇప్పుడు 2.5 శాతం. స్టేట్ బ్యాంక్ 2025 జూన్‌లో ఇక్కడికి దించింది, మిగతా పెద్ద బ్యాంకులూ ఆ దారిలోనే వచ్చాయి. లిక్విడ్ ఫండ్‌ది 6 శాతం అనుకుందాం. అనుకుందాం అనే అంటున్నాను, ఎందుకంటే ఫండ్‌లో రేటు ఎవరూ రాసివ్వరు. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే బ్యాంకులకి అది అప్పిచ్చే వడ్డీ రేటు, ఎటు వెళ్తే ఇదీ దాదాపు అటే వెళ్తుంది. 2025లో రెపో 6.5 నుంచి 5.25కి దిగింది, ఫండ్ల రాబడి కూడా దానితోపాటే దిగింది. 2021లో రెపో 4 దగ్గర ఉన్నప్పుడు లిక్విడ్ ఫండ్లు 3 నుంచి 3.5 శాతం మధ్యే ఇచ్చాయి, అప్పుడు సేవింగ్స్ 2.7. ఆ రోజుల్లో ఈ శ్రమంతా పడ్డవాళ్లకి పెద్దగా మిగిలిందేమీ లేదు. కాబట్టి మీరు చదివే రోజున ఫండ్ గత నెల రోజుల్లో ఎంత ఇచ్చిందో చూసి ఆ అంకె వాడండి. ఏడాది రాబడి చూడకండి, రేట్లు తగ్గుతున్నప్పుడు అది మిమ్మల్ని మోసం చేస్తుంది.

6లోంచి 2.5 తీసేస్తే తేడా 3.5 శాతం. లక్ష రూపాయల మీద ఏడాదికి 3,500, అంటే రోజుకు తొమ్మిదిన్నర రూపాయలు. ఈ తొమ్మిదిన్నర గుర్తుపెట్టుకోండి. ఇక మీదట ప్రతి నిర్ణయం దీన్నిబట్టే ఉంటుంది.

మా వాడు లక్ష రూపాయలు సేవింగ్స్‌లోనే ఉంచుకుంటానన్నాడు, అడ్వాన్సు ఖర్చులూ లాయరు ఫీజూ ఉంటాయి కదా. మిగిలిన 12 లక్షలకు తేడా రోజుకు 115 రూపాయలు, వంద రోజులకు 11,500. అదే మీ దగ్గర 40 వేలు ఉండి, పది రోజుల్లో ఖర్చయిపోతాయంటే మొత్తం తేడా 38 రూపాయలు. దానికోసం కేవైసీ, ఓటీపీ, ఇన్ని తిప్పలు ఎందుకు, సేవింగ్స్‌లోనే ఉంచండి. నా మటుకు నేను లక్షలోపు డబ్బుకీ, పదిహేను రోజుల్లోపు పనికీ ఫండ్ జోలికి వెళ్లను.

మీ ఖాతా ఏదైనా చిన్న బ్యాంకులో ఉండి అక్కడ పెద్ద నిల్వకి 5, 6 శాతం ఇస్తుంటే మీకు తేడా దాదాపు లేనట్టే. ఆ బ్యాంకు మీద నమ్మకం ఎంత అనేది మాత్రం వేరే సంగతి.

పోయే రూపాయలు తీసేయండి

ఫండ్‌లోకి వెళ్లేటప్పుడు స్టాంపు డ్యూటీ ఉంటుంది, 2020 జులై నుంచి వచ్చింది. లక్షకు 5 రూపాయలు. మా వాడికి 60. బయటికి వచ్చేటప్పుడు లిక్విడ్ ఫండ్‌లో ఎగ్జిట్ లోడ్ అనే కోత ఉంది, ఏడు రోజుల్లోపు తీసేస్తేనే. మొదటి రోజే తీస్తే లక్షకు 7 రూపాయలు, తర్వాత రోజుకు అర్ధ రూపాయి చొప్పున తగ్గుతూ ఆరో రోజుకి నాలుగున్నర, ఏడో రోజు నుంచి ఏమీ లేదు. ఒక్క రాత్రికే అప్పిచ్చే ఓవర్‌నైట్ ఫండ్‌కి ఈ లోడ్ లేదు. కాబట్టి వారంలోపు తేలిపోయే డబ్బు పెట్టాలనే అనుకుంటే ఓవర్‌నైట్‌లోనే పెట్టండి.

అసలు పెద్ద ముక్క పన్ను. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న లిక్విడ్, ఓవర్‌నైట్ యూనిట్ల మీద లాభం ఎన్నాళ్లు ఉంచినా మీ ఆదాయంలో కలిసి మీ శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. ధరల పెరుగుదల మేరకు లాభం తగ్గించి చూపే పాతకాలం ఇండెక్సేషన్ సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని పక్కన పెట్టండి. సేవింగ్స్ వడ్డీకీ శ్లాబు పన్నే. కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి సేవింగ్స్ వడ్డీలో ఏడాదికి 10,000 దాకా మినహాయింపు ఉంది, సీనియర్ సిటిజన్లకి డిపాజిట్ల వడ్డీ కూడా కలిపి 50,000. కొత్త విధానంలో ఈ మినహాయింపులు లేవు.

మా వాడి లెక్క ఇలా వచ్చింది. వంద రోజులకు సేవింగ్స్‌లో 8,219 వడ్డీ, ఫండ్‌లో స్టాంపు డ్యూటీ పోను సుమారు 19,650. వాడు 20 శాతం శ్లాబులో, కొత్త విధానంలో ఉన్నాడు. సెస్సుతో కలిపి పన్ను తీసేస్తే సేవింగ్స్‌లో మిగిలేది 6,500, ఫండ్‌లో 15,600 దగ్గర. చివరికి తేడా తొమ్మిది వేలు. అదే పాత విధానంలో ఉండి, వేరే సేవింగ్స్ వడ్డీ ఏమీ లేకుండా ఉంటే సేవింగ్స్‌లో వచ్చిన 8,219కీ పన్ను ఉండదు, అప్పుడు తేడా ఏడు వేల నాలుగు వందలకి తగ్గేది. ఎలా చూసినా ఏడు నుంచి తొమ్మిది వేల దగ్గర వ్యవహారం. ఇది గుర్తుంచుకుని తర్వాతి ముక్క చదవండి.

ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో చూడండి

ఓవర్‌నైట్ ఫండ్ మీ డబ్బుని ఒక్క రాత్రికి అప్పిస్తుంది, ఎక్కువగా ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టుకుని. పొద్దున్నే డబ్బు తిరిగొస్తుంది, సాయంత్రం మళ్లీ అప్పిస్తుంది. ఫ్యాక్ట్‌షీట్‌లో ట్రెప్స్ అని, రివర్స్ రెపో అని కనిపించేది అదే. లిక్విడ్ ఫండ్ 91 రోజుల్లోపు తీరే అప్పు కాగితాలు కొంటుంది. ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు, బ్యాంకుల సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లు, కంపెనీలు కొద్ది రోజుల అప్పు కోసం ఇచ్చే కమర్షియల్ పేపర్లు. ఈ మూడోదే చూసుకోవాల్సింది.

2017 ఫిబ్రవరిలో టారస్ లిక్విడ్ ఫండ్ యూనిట్ విలువ ఒక్కరోజులో 7 శాతం పైగా పడింది. బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ అనే, కాగితం తయారుచేసే కంపెనీ ఇచ్చిన కమర్షియల్ పేపర్లు ఆ ఫండ్‌లో ఉన్నాయి, వాటి రేటింగ్ ఎగవేత స్థాయికి పడిపోయింది, దాంతో ఫండ్ ఆ పేపర్ల విలువ తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీ చెల్లింపులు ఆగిపోయినప్పుడు కూడా కొన్ని లిక్విడ్ ఫండ్లకి దెబ్బ తగిలింది. 12 లక్షల మీద 7 శాతం అంటే 84 వేలు. వంద రోజులు కష్టపడి తొమ్మిది వేలు ఎక్కువ సంపాదించే చోట ఒక్క పూటలో 84 వేలు పోవచ్చు, అదీ రిజిస్ట్రేషన్ ముందురోజు. ఇది మాటిమాటికీ జరగదు, తర్వాత ఫండ్లని నియంత్రించే సెబీ నిబంధనలూ గట్టి చేసింది, లిక్విడ్ ఫండ్ ఆస్తిలో కనీసం 20 శాతం నగదు, ప్రభుత్వ కాగితాల్లాంటి వాటిలోనే ఉండాలని 2019లో పెట్టింది. అయినా రాబడిలో కొసరు కోసం ఈ రిస్కు తీసుకోవడం నాకు అర్థం కాదు.

అందుకని ఫండ్ ఎంచుకునేటప్పుడు మొదట రాబడి వరసలో పైన ఉన్నదాన్ని పట్టుకోకండి. ఒకే తరహా కాగితాలు కొనే ఫండ్లన్నీ దాదాపు ఒకేలా ఇస్తాయి, ఏదైనా ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ ఇస్తుందంటే అది ఎక్కడో బలహీనమైన కాగితం కొంటోందని అనుమానించండి. ఆ తర్వాత ఫండ్ పేజీలో `Potential Risk Class` అని తొమ్మిది గళ్ల పట్టీ ఉంటుంది. అందులో `A-I` అని ఉంటే ఆ ఫండ్‌కి అప్పు ఎగవేత రిస్కు, వడ్డీ రేటు రిస్కు రెండూ తక్కువ గడిలోనే ఉండాలని గిరి గీసుకున్నట్టు. `B-I` అంటే అప్పు రిస్కు ఒక మెట్టు ఎక్కువ తీసుకునే వీలుంది. ఓవర్‌నైట్ ఫండ్లు `A-I`లో ఉంటాయి, లిక్విడ్ ఫండ్లలో చాలావరకు `B-I`, కొన్ని మాత్రం `A-I`. పదిహేను రోజులకోసారి ఫండ్ తన దగ్గరున్న కాగితాల జాబితా పెడుతుంది, అది ఒకసారి తెరిచి చూడండి. ట్రెజరీ బిల్లులూ పెద్ద బ్యాంకుల పేర్లూ ఎక్కువ కనిపిస్తే మనశ్శాంతి. మీరెప్పుడూ వినని ఫైనాన్స్ కంపెనీలు, రియల్ ఎస్టేట్ కంపెనీలు వరసగా కనిపిస్తే మూసేసి ఇంకోటి చూడండి.

పేరులో అల్ట్రా షార్ట్, లో డ్యూరేషన్, మనీ మార్కెట్ అని ఉన్నవి ఈ లెక్కలోకి రావు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మూసేసిన ఆరు పథకాల్లో అల్ట్రా షార్ట్ బాండ్ ఫండ్ కూడా ఒకటి, అందులో డబ్బున్నవాళ్లు విడతలవారీగా వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఫ్లాట్ డబ్బు అలా ఇరుక్కుంటే ఏం చేస్తారు?

లిక్విడ్‌కీ ఓవర్‌నైట్‌కీ మధ్య తేడా అర శాతం అనుకుంటే, మా వాడి 12 లక్షలకు వంద రోజుల్లో 1,640 రూపాయలు. ఇల్లు కొనే డబ్బు అయితే ఆ 1,640 వదులుకుని ఓవర్‌నైట్‌లో పెట్టుకోమన్నాను. వాడు ఒప్పుకోలేదు, `A-I` గడిలో ఉన్న లిక్విడ్ ఫండ్ తీసుకున్నాడు. అదీ తప్పేం కాదు.

ఇంకో మాట, సేవింగ్స్ ఖాతా మాత్రం పూర్తి భద్రం అనుకోకండి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే. ఫండ్‌కి బీమా అనేదే లేదు. కాకపోతే అక్కడి కాగితాలు ఫండ్ కంపెనీ సొంత ఆస్తిలో కలవవు, వేరే కస్టోడియన్ దగ్గర ఉంటాయి.

ముందు ఐదు వేలతో ఒక రౌండ్ తిరిగి రండి

ఫండ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో, డైరెక్ట్ ప్లాన్ ఇచ్చే యాప్‌లోనో ఖాతా తెరవండి. డైరెక్ట్ ప్లాన్, గ్రోత్ ఆప్షన్ అని చూసి నొక్కండి. రెగ్యులర్ ప్లాన్‌లో ఏజెంటు కమిషన్ రాబడిలోంచి పోతుంది, ఇంత సన్నటి తేడాలో అదీ లెక్కే. కేవైసీ స్టేటస్ దగ్గర `KYC Validated` అని ఉంటే కొత్త కంపెనీలోనూ పని తేలిగ్గా అవుతుంది, వేరే ఏదైనా ఉంటే ఆధార్‌తో మళ్లీ చేయమంటారు, దానికి కొన్ని రోజులు పట్టొచ్చు. నామినీ పేరు అప్పుడే రాసేయండి.

తర్వాత 5,000 పెట్టండి. రెండు రోజులాగి 1,000 వెనక్కి తీయండి. అది మీ బ్యాంకు ఖాతాలో పడిందా చూడండి. ఎగ్జిట్ లోడ్ ఆరేడు పైసలు పోతుంది, పోనివ్వండి. పేరులో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉన్నా, ఖాతా నంబరు తప్పున్నా, ఓటీపీ పాత నంబరుకి వెళ్తున్నా అన్నీ ఈ 1,000 రూపాయలతోనే బయటపడతాయి. 12 లక్షలతో బయటపడితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా మధ్యలో బ్యాంకు ఖాతా మార్చారంటే డబ్బు తీయడానికి కొన్ని రోజులు ఆగాల్సి వస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషన్‌కి డీడీ ఏ ఖాతాలోంచి తీస్తారో ఆ ఖాతానే మొదట ఇవ్వండి.

డబ్బు మీ సొంత ఖాతాలోంచే పంపాలి, నాన్న ఖాతాలోంచి పంపితే వెనక్కి తిప్పుతారు. యూపీఐకి, నెట్ బ్యాంకింగ్‌కి రోజు పరిమితి ఎంతో ముందే చూసుకోండి, పెద్ద మొత్తం రెండు మూడు రోజులుగా పంపాల్సి రావచ్చు.

గడియారం, క్యాలెండరు

మధ్యాహ్నం 1:30 లోపు మీ డబ్బు ఫండ్ చేతికి చేరితే నిన్నటి విలువకి యూనిట్లు ఇస్తారు, అంటే ఇవాళ్టి రాబడి కూడా మీదే. మీరు ఒంటిగంటకి పంపారు కదా అని కాదు, వాళ్లకి చేరాలి. పొద్దున్నే పంపండి. శుక్రవారం 1:30 లోపు చేరితే శని, ఆదివారాల రాబడి కూడా వస్తుంది, లిక్విడ్ ఫండ్ విలువ ఆదివారం కూడా కదులుతుంది.

లిక్విడ్ ఫండ్‌లోంచి తీసేటప్పుడు గడువు మధ్యాహ్నం 3 గంటలు. ఆ లోపు అడిగితే మరుసటి పనిరోజు బ్యాంకులో పడుతుంది. సోమవారం అడిగితే మంగళవారం, శుక్రవారం అడిగితే సోమవారం, శుక్రవారం అడిగినా ఆదివారం విలువే ఇస్తారు కాబట్టి ఆ రెండు రోజుల రాబడి పోదు.

నేను ఒకసారి ఇక్కడే దెబ్బతిన్నాను. మా అమ్మాయి కాలేజీ ఫీజు లక్షన్నర మంగళవారంలోపు కట్టాలి. శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు పడుకుని, 3:20కి నొక్కాను. ఇరవై నిమిషాలే కదా అనుకున్నా. 3 దాటాక అడిగింది తర్వాతి పనిరోజు అడిగినట్టు లెక్క, ఆ సోమవారం సెలవు, కాబట్టి నేను మంగళవారం అడిగినట్టయింది, డబ్బు బుధవారం వచ్చింది. వెంటనే డబ్బిచ్చే సౌకర్యం ఉంది కదా అని చూస్తే అందులో ఒక పథకం నుంచి రోజుకు 50,000 లేదా నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అదే. మిగతాది ఆ పూటకి పక్కింటాయన దగ్గర చేబదులు తీసుకుని కట్టాను.

ఇంకో తిరకాసు, ఈ పనిరోజులు మన ఊరి సెలవుల్ని చూసి నడవవు, ముంబై మార్కెట్ సెలవుల్ని చూసి నడుస్తాయి. మే 1 మహారాష్ట్ర దినోత్సవానికి అక్కడ సెలవు. అటు కనుమ నాడు మన బ్యాంకు తలుపులు మూసి ఉండొచ్చు, ఫండ్ మాత్రం మామూలుగా పనిచేస్తుంది, డబ్బు ఖాతాలో పడుతుంది, డీడీ తీయడానికి మాత్రం మనిషి ఉండడు. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మా వాడి రిజిస్ట్రేషన్ గురువారం. డీడీ బుధవారం తీయాలి. కాబట్టి డబ్బు సోమవారానికే ఖాతాలో ఉండేట్టు, ముందు శుక్రవారం పొద్దున్నే తీసేయమన్నాను. "రెండు రోజులు ముందే తీస్తే నష్టం కదా బావా" అన్నాడు. సోమ, మంగళ రెండు రోజులకి 230 రూపాయలు. రిజిస్ట్రేషన్ వాయిదా పడితే స్లాట్ మళ్లీ తీసుకోవాలి, అమ్మేవాళ్లని మళ్లీ పిలవాలి, దాని ముందు ఇదెంత? తీసేటప్పుడు మొత్తం పెద్దదైతే రెండు విడతలుగా తీసే అలవాటు నాది. సగం గురువారం, సగం శుక్రవారం. మొదటిది సవ్యంగా పడిందని చూశాక రెండోది నొక్కుతాను.

స్థలం అమ్మిన డబ్బు కాబట్టి వాడికి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. ఆ స్థలం మీద వచ్చిన లాభానికి పన్ను మినహాయింపు ఫ్లాట్ చూపించి అడగాలనుకుంటే, రిటర్న్ వేసే గడువులోపు ఫ్లాట్‌కి కట్టని డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. లిక్విడ్ ఫండ్‌లో ఉంది కదా అంటే ఆదాయపు పన్ను వాళ్లు ఒప్పుకోరు. వాడి రిజిస్ట్రేషన్ గడువుకి ముందే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ తేదీలు అటూఇటూగా ఉంటే ఫండ్‌లో పెట్టేముందే ఆడిటర్‌ని అడగండి.

డబ్బు తీసేశాక ఫండ్ వెబ్‌సైట్‌లో క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ దించుకుని దాచండి. ఇక్కడ ఉండేవాళ్లకి టీడీఎస్ పట్టుకోరు కాబట్టి రిటర్న్‌లో మీరే చూపించాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఎన్నారై ఖాతాతో పెట్టినవాళ్లకి మాత్రం లాభం మీద టీడీఎస్ పట్టుకునే డబ్బిస్తారు, చేతికొచ్చేది మీరు లెక్కేసుకున్నదానికంటే తక్కువ ఉంటుంది, డీడీ మొత్తానికి సరిపోకుండా పోతుంది. ఆ తేడా మేరకు సేవింగ్స్‌లో విడిగా ఉంచుకోండి.